మొక్కల హార్మోన్లు: పరీక్ష ముందు పునశ్చరణ (పదో తరగతి జీవశాస్త్రం)

ఈ పాఠంలో మార్కులు పోయేది హార్మోన్ల పేర్లు తెలియక కాదు. ‘ఆక్సిన్ పెరుగుదలకు తోడ్పడుతుంది’ అని ఒక ముక్క రాసి ఆగిపోవడం వల్ల. ఏ భాగంలో, ఎంత గాఢతలో, ఏ వైపు అన్నవి కూడా రాస్తేనే జవాబు నిలబడుతుంది. కాండాన్ని సాగదీసే గాఢతలోనే ఉన్న ఆక్సిన్ వేరు పెరుగుదలను ఆపేస్తుంది. ఈ మాట పట్టుకుంటే సగం పాఠం చేతికొచ్చినట్టే.

మొక్కల్లో మనకున్నట్టు అంతస్స్రావ గ్రంథులు ఉండవు. కాండం కొన, లేత ఆకులు, విత్తనాలు, వేరు కొన లాంటి భాగాలే హార్మోన్లను తయారుచేస్తాయి. అతి తక్కువ మోతాదే చాలు. ఆక్సిన్లు, జిబ్బరెల్లిన్లు, సైటోకైనిన్లు పెరుగుదలను పెంచేవి. అబ్సైసిక్ ఆమ్లం ఆపేది. ఇథిలీన్ ఎక్కువగా ఆపే జట్టులోదే, కానీ కాయను పండించేది కూడా అదే.

ఆక్సిన్

1880లో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కేనరీ గడ్డి మొలకలపై ప్రయోగాలు ప్రచురించారు. గడ్డి మొలకలో లేత ఆకులను కప్పి ఉండే గొట్టం ప్రాంకుర కవచం. దీనిపై ఒక వైపు నుంచే వెలుతురు పడితే అటు వంగుతుంది. కొనను కత్తిరించినా, వెలుతురు తగలకుండా టోపీతో మూసినా వంగదు. కొనను వదిలేసి కింది భాగాన్ని మూస్తే మాత్రం వంగుతుంది. అంటే వెలుతురును పసిగట్టేది కొన, వంగేది దాని కింది భాగం. మధ్యలో ఏదో సంకేతం కిందికి దిగుతోందన్నమాట.

ఆ సంకేతం ఒక రసాయనమని తేల్చింది ఎఫ్.డబ్ల్యూ. వెంట్. ఓట్స్ మొలకల కొనలు కోసి అగార్ ముక్కలపై ఉంచాడు. కొనలోని పదార్థం అగార్‌లోకి దిగింది. తర్వాత చీకట్లో, కొన తీసేసిన మొలక మొండెంపై ఆ అగార్ ముక్కను ఒక పక్కకు జరిపి పెట్టాడు. మొలక అగార్ ఉన్న వైపుకు కాక, దానికి ఎదురు వైపుకు వంగింది. చాలామంది ఇక్కడే తిరగేసి రాస్తారు. అగార్ కింద ఉన్న వైపు కణాలు ఎక్కువ సాగుతాయి, పొడవైన వైపు పొట్టి వైపును నెట్టేస్తుంది, అందుకే ఎదురు వంపు. ఏమీ లేని ఉత్త అగార్ పెడితే వంపు లేదు. ఈ నియంత్రణ ప్రయోగాన్ని కూడా జవాబులో రాయాలి, లేకపోతే ‘అగార్ వల్లే వంగిందేమో’ అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

కాంతి అనువర్తనాన్ని ఇలా వివరించండి: వెలుతురు ఒక వైపు పడితే కొనలోని ఆక్సిన్ నీడ వైపుకు చేరుతుంది. నీడ వైపు కణాలు ఎక్కువ పొడవవుతాయి. కాండం వెలుతురు వైపు వంగుతుంది. ‘వెలుతురు ఆక్సిన్‌ను నాశనం చేస్తుంది’ అని రాయకండి, అది పక్కకు కదులుతుంది. ‘నీడ వైపు కణాలు ఎక్కువగా విభజన చెందుతాయి’ అన్నదీ తప్పే, ఇక్కడ జరిగేది కణాలు పొడవు కావడం. బొమ్మలో నీడ వైపు కణాలను పొడవుగా, వెలుతురు వైపు పొట్టిగా గీస్తే సగం వివరణ బొమ్మే ఇస్తుంది.

కణం ఎలా సాగుతుందని అడిగితే: ఆక్సిన్ ప్రభావంతో కణం హైడ్రోజన్ అయాన్లను కణకవచంలోకి పంపుతుంది. కవచం ఆమ్లత్వం పెరిగి సడలుతుంది. లోపలి నీటి ఒత్తిడికి కణం సాగుతుంది. ఇది ఇంటర్‌కు వెళ్లాక ఎక్కువగా పనికొస్తుంది.

ఇప్పుడు వేరు. మొలకెత్తిన చిక్కుడు గింజను అడ్డంగా పెడితే కాండంలోనూ వేరులోనూ ఆక్సిన్ కింది వైపే పోగవుతుంది. కాండంలో ఆ గాఢతకు కింది వైపు కణాలు ఎక్కువ సాగుతాయి, కాండం పైకి లేస్తుంది. వేరుకు అదే గాఢత మోతాదు మించినట్టు. కింది వైపు పెరుగుదల తగ్గి, పై వైపు కణాలు సాగుతాయి, వేరు కిందికి వంగుతుంది. ‘వేరు గురుత్వాకర్షణకు లాగబడి వంగింది’ అని రాస్తే మార్కు రాదు.

ఇంట్లో చేసి చూడాలంటే మొక్కజొన్న గింజలు మంచివి, వాటి ప్రాంకుర కవచం లావుగా ఉంటుంది. పది గింజలను రాత్రంతా నానబెట్టి, తడి దూదిపై చీకట్లో ఉంచండి. కవచం రెండు సెంటీమీటర్లు రాగానే సగం మొలకల కొనలకు అర సెంటీమీటరు పొడవున వెండి రేకులాంటి అల్యూమినియం ఫాయిల్ టోపీలు తొడిగి, ఒక పక్క ఒక్క సెంటీమీటరు రంధ్రమున్న చెప్పుల పెట్టెలో పెట్టండి. మర్నాటికి టోపీ లేనివి రంధ్రం వైపు వంగి ఉంటాయి. అన్నీ నిటారుగా ఉంటే పెట్టె మూత సందుల్లోంచి వెలుతురు వస్తోందేమో చూడండి, టేపు వేయండి. కవచం చీల్చుకుని ఆకు బయటికొచ్చేసిన మొలకలు ఈ ప్రయోగానికి పనికిరావు.

అగ్రాధిక్యత: కాండం కొన నుంచి దిగే ఆక్సిన్ పార్శ్వ మొగ్గలను అణచి ఉంచుతుంది. తులసి కొన తుంచితే పక్క కొమ్మలు వచ్చి గుబురవుతుంది, పెరటి గోరింట కంచెను కత్తిరించేదీ ఇందుకే. తుంచిన చోట ఆక్సిన్ పూస్తే పక్క మొగ్గలు మళ్లీ ఆగిపోతాయి.

మొక్కలో సహజంగా దొరికే ముఖ్య ఆక్సిన్ ఇండోల్ అసిటిక్ ఆమ్లం (ఐఏఏ). ఐబీఏ కూడా సహజంగా దొరుకుతుంది. కృత్రిమమైనవి ఎన్‌ఏఏ, 2,4-డి. గులాబీ, మందార అంట్లకు వేర్లు రావడానికి కొమ్మ కింది కొనను ఐబీఏ పొడిలో అద్ది దులిపి నాటుతారు. పొడి దట్టంగా పట్టిస్తే వేర్లు రాక కొన కుళ్లిపోతుంది, ఎక్కువైతే ఆపేస్తుందన్న సూత్రమే ఇక్కడా. మిరప, మామిడిలో పూత, పిందె రాలకుండా ఎన్‌ఏఏ చల్లుతారు. 4.5 శాతం మందు ఒక మిల్లీలీటరులో 45 మిల్లీగ్రాములు ఉంటుంది. దాన్ని 4.5 లీటర్ల నీటిలో కలిపితే లీటరుకు 10 మిల్లీగ్రాములు, అంటే 10 పీపీఎం. ఇంత పలుచన మందు పని చేస్తుంది.

2,4-డి వెడల్పాకు కలుపును చంపుతుంది, వరి, జొన్న, మొక్కజొన్న లాంటి ఏకదళబీజాలను మోతాదులో ఉంటే వదిలేస్తుంది. పత్తి ద్విదళబీజం. వరిలో 2,4-డి కొట్టిన పంపును సరిగా కడగకుండా పత్తికి వాడితే ఆకులు సన్నబడి బెండాకుల్లా చీలిపోయి కనిపిస్తాయి. రైతు తెగులనుకుంటాడు, అది హార్మోన్ దెబ్బ.

జిబ్బరెల్లిన్

దీని కథ వరి చేనులోనే మొదలైంది. జపాన్ రైతులు ‘బకనే’ అని పిలిచే తెగులులో వరి నారు సన్నగా, పాలిపోయి, పక్క మొక్కలను మించి పొడవు పెరిగి పడిపోయేది. ఆ మాటకు అర్థం ‘తెలివితక్కువ మొలక’. 1926లో కురోసావా, ఆ తెగులు తెచ్చే శిలీంధ్రాన్ని పెంచి వడకట్టిన ద్రవంలో శిలీంధ్రం లేకున్నా అదే లక్షణం వస్తుందని చూపాడు. 1935లో యబుటా ఆ పదార్థానికి శిలీంధ్రం పేరు మీదనే జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. అదే రకం పదార్థం మొక్కల్లో కూడా సహజంగా ఉంటుందని తర్వాత తేలింది.

ప్రధాన పని కణుపుల మధ్య భాగాన్ని పొడవు చేయడం. మెండెల్ వాడిన పొట్టి బఠానీ గుర్తుందా? దానిలో లోపం చురుకైన జిబ్బరెల్లిన్ తయారీలోనే. పొట్టి మొక్కపై జిబ్బరెల్లిన్ చల్లితే పొడుగ్గా పెరుగుతుంది. దాని విత్తనాలు నాటితే మాత్రం మళ్లీ పొట్టివే, ఎందుకంటే జన్యువు మారలేదు. అనువంశికత పాఠంతో కలిపి అడగదగ్గ ప్రశ్న ఇది. 1966లో విడుదలైన ఐఆర్-8 వరి పొట్టిగా ఉండి ఎరువు వేసినా పడిపోకపోవడానికి కారణమూ జిబ్బరెల్లిన్ తక్కువ తయారు కావడమే.

రెండో పని విత్తనం మొలకెత్తించడం. వడ్లు నానబెట్టి మండె కట్టినప్పుడు పిండం జిబ్బరెల్లిన్ విడుదల చేస్తుంది. అది గింజ లోపలి అల్యూరాన్ పొరను చేరి అమైలేజ్ ఎంజైమును తయారు చేయిస్తుంది. పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. మొలకెత్తిన రాగులతో చేసిన అంబలి తియ్యగా ఉండేది ఇందుకే. బార్లీ గింజను అడ్డంగా కోసి పిండం లేని సగాన్ని నానబెడితే పిండి కరగదు, అయోడిన్ వేస్తే నల్లబడుతుంది. అదే సగానికి జిబ్బరెల్లిన్ ద్రావణం ఇస్తే పిండం లేకున్నా పిండి కరుగుతుంది. కారణం–ఫలితం చూపే జవాబుకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

విత్తనం లేని ద్రాక్షలో గుత్తి కాడ సాగి, కాయలు లావెక్కడానికీ, క్యాబేజీ లాంటి మొక్కలు ఒక్కసారిగా కాండం సాచి పూతకు రావడానికీ ఇదే కారణం.

సైటోకైనిన్, అబ్సైసిక్ ఆమ్లం

సైటోకైనిన్ పని కణ విభజన. ఆకుల ముసలితనాన్ని ఆలస్యం చేస్తుంది, పార్శ్వ మొగ్గలను లేపుతుంది, అంటే అగ్రాధిక్యతలో ఆక్సిన్‌కు ఎదురుగా నిలుస్తుంది. కొబ్బరి నీళ్లలో ఇది ఉంటుంది. కణజాల వర్ధనంలో ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేర్లు, సైటోకైనిన్ పాలు ఎక్కువైతే కాండపు మొగ్గలు. అక్కడ లెక్కలోకి వచ్చేది నిష్పత్తి.

అబ్సైసిక్ ఆమ్లం కష్టకాలపు హార్మోన్. నీటి ఎద్దడిలో రక్షక కణాల నుంచి పొటాషియం, నీరు బయటికిపోయేలా చేసి పత్రరంధ్రాలు మూయిస్తుంది. విత్తనాన్ని సుప్తావస్థలో ఉంచుతుంది, జిబ్బరెల్లిన్ దాన్ని లేపుతుంది. ‘ఆకులు రాల్చేది అబ్సైసిక్ ఆమ్లం’ అని పుస్తకాలు రాస్తాయి, పేరూ అందుకే వచ్చింది. నిజానికి రాలడంలో ముఖ్య పాత్ర ఇథిలీన్‌ది. పరీక్షలో రెండూ రాస్తే నష్టం లేదు.

ఇథిలీన్

ఇది వాయువు, C₂H₄. మిగతావి మొక్క లోపలే తిరుగుతాయి, ఇది గాలిలో పక్క కాయకూ చేరుతుంది. బియ్యం డబ్బాలో మామిడి మాగబెడితే కాయ వదిలిన ఇథిలీన్ అక్కడే నిలిచి త్వరగా పండుతుంది. పండే కాయ మరింత ఇథిలీన్ వదులుతుంది, అందుకే గంపలో ఒక పండు మాగితే మిగతావి వరస పెడతాయి. బొత్తిగా ముదరని కాయ మాత్రం మాగదు, వడలుతుంది. దోసలో ఆడపూలు పెంచడం ఇథిలీన్ మరో పని.

కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే వచ్చేది ఎసిటిలీన్, ఇథిలీన్ కాదు. ప్రభావం మాత్రం దగ్గరిది. దానిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుంటాయి కాబట్టి పండ్లను మాగబెట్టడానికి మన దేశంలో నిషేధం. ఇథిలీన్ వాయువుకు 100 పీపీఎం వరకు అనుమతి ఉంది.

ఇవి రాసి చూసుకోండి

కొన తీసేసిన మొక్కజొన్న మొలకపై ఆక్సిన్ అగార్‌ను కుడి అంచున పెట్టి చీకట్లో ఉంచితే? ఎడమ వైపు వంగుతుంది. చీకట్లో ఎందుకు? వెలుతురు ఉంటే వంపు దేనివల్లో తేలదు.

నులితీగ కర్రను ఎలా చుట్టుకుంటుంది? కర్ర తగిలిన వైపు కన్నా తగలని వైపు కణాలు ఎక్కువ సాగుతాయి. ఇది స్పర్శానువర్తనం.

అత్తిపత్తి ఆకు ముడుచుకోవడం ఆక్సిన్ వల్లనా? కాదు. ఆకు మొదట్లోని ఉబ్బు నుంచి నీరు వేగంగా బయటికి పోవడం వల్ల. పెరుగుదల లేదు, ఏ వైపు నుంచి తాకినా ఒకేలా ముడుచుకుంటుంది. అందుకే దాన్ని అనువర్తనం అనరు.