కొలెస్ట్రాల్ పరీక్షకు అందరూ రండి

అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం. గురువారం ఉదయం మన ఉపకేంద్రంలో రక్తం సేకరించి, పరీక్ష కోసం పర్లాకిమిడి పంపుతారు.

కొలెస్ట్రాల్ అంటే మన కాలేయమే తయారుచేసే ఒక కొవ్వు పదార్థం. అది ఒంటికి అవసరమే గానీ, చెడ్డ రకం, అంటే ఎల్‌డీఎల్, ఎక్కువైతే రక్తనాళాల గోడల్లో పేరుకుని, నీళ్ల గొట్టంలో పాచి పట్టినట్టు దారిని ఇరుకు చేస్తుంది. ఆ దారి గుండెకు మూసుకుపోతే గుండెపోటు, మెదడుకు మూసుకుపోతే పక్షవాతం వస్తాయి. నొప్పి ఉండదు, నీరసం ఉండదు కనుక పరీక్ష చేయించుకోనిదే తెలియదు. సన్నగా ఉన్నవాళ్లకూ ఇది పెరగవచ్చు.

మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపు ఉండటం మంచిది. బీపీ, షుగరు ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవారు తప్పక రావాలి. చుట్ట కాల్చేవారు కూడా, ముఖ్యంగా అడ్డపొగ అలవాటున్న అమ్మలు, మొహమాటపడకుండా రండి; పొగాకు మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది, మిమ్మల్ని ఎవరూ కోప్పడరు, అది నా పూచీ.

బుధవారం రాత్రి ఎనిమిదింటికల్లా భోజనం ముగించి, ఉదయం టీ కూడా తాగకుండా రండి. మంచినీళ్లు తాగవచ్చు. షుగరు మందు వాడేవారు పరగడుపున ఉండే విషయం ముందుగా నర్సమ్మను అడగండి.