‘ఎర్రకల్లం’ పేరు వాడుకోవడానికి ఒప్పందం

2025 ఆగస్టు 1న గుంటూరులో రాసుకున్నది. గుంటూరు అరండల్‌పేటలో కారం షాపు నడిపే నేను, విజయవాడ పటమటలో కొత్తగా షాపు తెరుస్తున్న మీరు, అంటే మా మేనమామ కొడుకైన బావగారు, ఈ ఒప్పందంలో ఇద్దరం.

‘ఎర్రకల్లం’ అనే పేరు, దాని లోగో మసాలాల తరగతి 30లో నా పేరు మీద రిజిస్టరై ఉన్నాయి. వాటిని కారప్పొడి మీద మాత్రమే, ఎన్టీఆర్ జిల్లాలో మాత్రమే, మూడేళ్లు వాడుకోవడానికి అనుమతి ఇస్తున్నాను. పచ్చళ్ల మీద వేయకూడదు. పేరు ఎప్పటికీ నాదే, మీ అమ్మకాలతో దానికొచ్చే మంచిపేరు కూడా నాకే చెందుతుంది. దాన్ని పోలిన పేరు మీరు ఎక్కడా రిజిస్టర్ చేయించకూడదు.

నాణ్యత విషయంలో నేను అస్సలు తగ్గను. తొడిమలు తీసిన మిరపకాయే ఆడించాలి, తేమ 11 శాతం దాటకూడదు, రంగు ఏదీ కలపకూడదు. మనిద్దరి సంతకాలతో సీలు వేసిన 200 గ్రాముల నమూనా ప్యాకెట్లు రెండు ఉన్నాయి, మీ దగ్గరొకటి, నా దగ్గరొకటి, ప్రతి బ్యాచ్ దానికి సరితూగాలి. నీళ్ల గ్లాసులో చిటికెడు కారం పైనుంచి చల్లినప్పుడు రంగు చారలు చారలుగా దిగినా, అడుగున ఇటుకపొడి లాంటిది గరగరలాడినా ఆ బ్యాచ్ అమ్మకం అక్కడితో ఆపేసి, ల్యాబుకు పంపి, రిపోర్టు నాకు చూపించాలి. చెప్పకుండా వచ్చి మిల్లు, గోడౌన్ చూసే హక్కు నాకుంది. కవర్ డిజైన్ మార్చాలంటే ముందు నా రాతపూర్వక ఒప్పుదల కావాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు మీరే తీసుకోవాలి.

రాయల్టీ: జీఎస్టీ, వాపసు వచ్చిన సరుకు తీసేయగా మిగిలిన అమ్మకాల మీద 4 శాతం, నెలకు కనీసం 15,000 రూపాయలు. దాని మీద జీఎస్టీ అదనం. ఏ నెల రాయల్టీ ఆ మరుసటి నెల 10లోపు లెక్కలతో సహా బ్యాంకులో వేయాలి, ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ. చుట్టరికం ఉంది కదా అని బాకీ ఉంచొద్దు. బిల్లు పుస్తకాలు అడిగినప్పుడు చూపించాలి.

ఈ అనుమతిని ఇంకెవరికీ ఇవ్వకూడదు, పార్టనర్‌కైనా, బావమరిదికైనా సరే. బయటి మిల్లులో ఆడించుకోవాలంటే నేను రాసిచ్చిన మిల్లులోనే, వాళ్ల చేతికి మాత్రం పేరు అచ్చేసిన కవర్లు వెళ్లకూడదు. కిరాణా షాపులకు సీలు ప్యాకెట్లు అమ్ముకోవచ్చు, లూజుగా ఇవ్వకూడదు.

రంగు కలిపినా, పేరు వేరే సరుకు మీద వేసినా, వేరేవాళ్లకు ఇచ్చినా, పోలిన పేరుకు దరఖాస్తు పెట్టినా నోటీసు అందిన రోజే ఒప్పందం రద్దు. రాయల్టీ బాకీ, లెక్కలివ్వకపోవడం లాంటివైతే సరిదిద్దుకోవడానికి 15 రోజులు. రద్దయ్యాక ఏడు రోజుల్లో బోర్డు, వాట్సాప్ ప్రొఫైల్ బొమ్మ తీసేయాలి, మిగిలిన కవర్లు, ప్రింటింగ్ సిలిండర్లు నాకు అప్పగించాలి. మంచి సరుకు 30 రోజుల్లో అమ్ముకోవచ్చు, దానికీ రాయల్టీ ఉంటుంది. కల్తీ సరుకు మాత్రం నా ఎదుటే పారబోయాలి.

తగాదా వస్తే గుంటూరు కోర్టుల్లోనే తేల్చుకుందాం. రెండు ప్రతులూ చదువుకుని, ఇద్దరు సాక్షుల ముందు సంతకాలు చేస్తున్నాం.