తోతాపురి దిగుబడిపై లీనియర్ రిగ్రెషన్: షరతులు, రెసిడ్యువల్ పటాల పరిశీలన

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ అసైన్‌మెంట్, తిరుపతి

ఈ అసైన్‌మెంట్ కోసం చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం, పూతలపట్టు మండలాల్లోని ఆరు గ్రామాల నుంచి, గ్రామానికి ఎనిమిది చొప్పున 48 తోతాపురి మామిడి తోటల వివరాలను రైతులను అడిగి సేకరించాను. ఒక సీజనులో వచ్చిన దిగుబడి (టన్నుల్లో) వివరించవలసిన చలరాశి. చెట్ల సంఖ్య, తోట విస్తీర్ణం (ఎకరాల్లో), చెట్ల సగటు వయసు, మందు పిచికారీల సంఖ్య వివరించే చలరాశులు. ఒక్కో చెట్టు అదనంగా ఎంత దిగుబడి ఇస్తుందన్నది నా ప్రశ్న.

మొదటి నమూనాను ఇలా అమర్చాను.

```r
m1 <- lm(digubadi ~ chetlu + ekaralu + vayasu + mandu, data = tota)
plot(m1, which = 1)
car::vif(m1)
```

ఫలితాలకు ముందు షరతుల గురించి ఒక మాట చెప్పాలి. సగటు దిగుబడికీ చలరాశులకూ మధ్య సంబంధం గుణకాల పరంగా సరళంగా ఉండాలి. దోషాల సగటు సున్నా కావాలి. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివై, ఒకే వేరియన్స్‌తో ఉండాలి. ఏ చలరాశీ మిగతావాటి కచ్చితమైన సరళ సమ్మేళనం కాకూడదు. వీటితో పాటు దోషాలు నార్మల్ విభాజనం పాటిస్తే చిన్న నమూనాల్లోనూ టీ, ఎఫ్ పరీక్షలు కచ్చితంగా చెల్లుతాయి. ఇవన్నీ ఒకే పని చేసే షరతులు కావు. సరళత్వం లేకపోతే అంచనాలే తప్పుతాయి. సమాన వేరియన్స్ లేకపోతే అంచనాలు పక్షపాతరహితంగానే ఉంటాయి గానీ వాటి స్టాండర్డ్ ఎర్రర్లు నమ్మదగినవి కావు. పైగా నార్మల్‌గా ఉండవలసినవి దోషాలే తప్ప దిగుబడి విలువలు కావు. పెద్ద తోటలు కొన్నే ఉన్నందున మా దిగుబడుల హిస్టోగ్రామ్ కుడివైపు సాగి ఉంది; ఆ ఒక్క కారణంతో నమూనాను తప్పు పట్టడం సరికాదు.

మొదటి నమూనా R² విలువ 0.78. అయితే విస్తీర్ణం గుణకం −0.62గా, దాని స్టాండర్డ్ ఎర్రర్ 1.55గా వచ్చాయి. ఎకరం పెరిగితే దిగుబడి తగ్గుతుందని ఏ రైతూ ఒప్పుకోడు. నిజానికి ఆ గుణకం చెబుతున్నది వేరు: చెట్ల సంఖ్య మారకుండా ఎకరాలు మాత్రమే పెరిగితే ఏమవుతుందన్నది. అలాంటి తోటలు మా నమూనాలో దాదాపు లేవు. ముదురు తోటల్లో చెట్టుకూ చెట్టుకూ సుమారు పది మీటర్ల ఎడం పెడతారు కాబట్టి ఎకరానికి నలభై చెట్లు పడతాయి, ఎకరాలు చెబితే చెట్లు చెప్పినట్టే. ఈ రెండింటి మధ్య సహసంబంధ గుణకం 0.96, విస్తీర్ణం వీఐఎఫ్ 13.4. అంటే విస్తీర్ణంలోని వైవిధ్యంలో 92.5 శాతాన్ని మిగతా మూడు చలరాశులే వివరిస్తున్నాయి, అందువల్ల దాని స్టాండర్డ్ ఎర్రర్ 3.66 రెట్లు పెరిగింది.

వీఐఎఫ్ పది దాటితే చలరాశిని తీసివేయాలన్న వాడుకను యాంత్రికంగా పాటించడం నాకు సమ్మతం కాదు. మల్టీకొలీనియారిటీ పక్షపాతాన్ని తేదు, ఇలాంటి తోటలకే దిగుబడిని అంచనా వేయాలంటే పెద్దగా అడ్డూ కాదు. విడివిడి గుణకాలను చదవబోతేనే ఇబ్బంది పెడుతుంది. నా ప్రశ్న చెట్టు గురించి గనుక విస్తీర్ణాన్ని తొలగించాను. రెండవ నమూనాలో చెట్ల గుణకం 0.115కు, దాని స్టాండర్డ్ ఎర్రర్ 0.04 నుంచి 0.012కు వచ్చాయి, R² దాదాపు మారలేదు. నా ప్రశ్న చెట్ల మధ్య ఎడం గురించి అయివుంటే ఎకరాలనూ, ఎకరానికి చెట్ల సంఖ్యనూ ఉంచేవాణ్ణి.

ఇక రెసిడ్యువల్ పటం. అడ్డంగా అంచనా దిగుబడినీ నిలువుగా రెసిడ్యువల్‌నూ గుర్తించినప్పుడు చుక్కలు ఎడమవైపు ఇరుకుగా మొదలై కుడివైపు గరాటులా విచ్చుకున్నాయి. పది టన్నుల లోపు తోటల్లో రెసిడ్యువల్స్ అటూ ఇటూ మూడు టన్నుల్లో ఉంటే, నలభై టన్నులు దాటిన తోటల్లో ఇరవై టన్నుల దాకా వెళ్లాయి. బ్రూష్–పాగన్ పరీక్ష విలువ 14.2, స్వేచ్ఛాంశాలు 3, పి-విలువ 0.003. కంటికి కనబడిన హెటెరోసెడాస్టిసిటీనే పరీక్ష కూడా చెప్పింది. స్టాండర్డ్ ఎర్రర్‌ను HC3 పద్ధతిలో మళ్లీ లెక్కిస్తే 0.012 కాస్తా 0.019 అయింది, చెట్ల గుణకానికి 95 శాతం విశ్వాస అంతరం 0.091–0.139 నుంచి 0.077–0.153కు వెడల్పయింది.

గరాటుకు కారణం తోటలోనే ఉంది. ప్రతి చెట్టు కాపూ ఇతర చెట్లతో నిమిత్తం లేకుండా మారితే, తోట మొత్తం దిగుబడి వేరియన్స్ చెట్ల సంఖ్యకు అనుపాతంలో పెరిగేది. అప్పుడు భారాలు వేసిన కనిష్ఠ వర్గాల పద్ధతి తగినది. కానీ ఒక తోటలోని చెట్లన్నీ ఒకే నేల, ఒకే నీరు, ఒకే యజమాని శ్రద్ధ పంచుకుంటాయి, పూత నిలిచినా పిందె రాలినా అన్నింటిదీ దాదాపు ఒకే తీరు. అందువల్ల విచలనమే తోట పరిమాణంతో పెరుగుతోందని భావించి, దిగుబడికీ చెట్ల సంఖ్యకూ లాగరిథమ్ తీసుకున్నాను.

రెసిడ్యువల్స్‌ను వయసుకు ఎదురుగా గుర్తించిన పటం మరో లోపాన్ని చూపింది. పదేళ్ల లోపు తోటల్లోనూ నలభై అయిదు దాటిన తోటల్లోనూ అవి ఎక్కువగా రుణాత్మకం, నడివయసు తోటల్లో ధనాత్మకం. ఇది వేరియన్స్ లోపం కాదు, సరళత్వ లోపం. HC3 దీన్ని సరిచేయలేదు. వయసు వర్గాన్ని చేర్చాను. వయసు, దాని వర్గం రెండూ కలిసి పెరుగుతాయి కాబట్టి ముందుగా వయసు నుంచి సగటును (24 ఏళ్లు) తీసివేశాను.

```r
tota$v <- tota$vayasu - mean(tota$vayasu)
m3 <- lm(log(digubadi) ~ log(chetlu) + v + I(v^2) + mandu, data = tota)
lmtest::bptest(m3)
```

ఈ నమూనాలో గరాటు కనబడలేదు. బ్రూష్–పాగన్ విలువ 4.1, స్వేచ్ఛాంశాలు 4, పి-విలువ 0.39. నార్మల్ క్యూ–క్యూ పటంలో చుక్కలు గీతను అనుసరించాయి. చెట్ల లాగరిథమ్ గుణకం 0.94, స్టాండర్డ్ ఎర్రర్ 0.07: చెట్లు పది శాతం ఎక్కువున్న తోటలో దిగుబడి సుమారు 9.4 శాతం ఎక్కువ. దీని R²ను మొదటి నమూనా R²తో పోల్చలేదు, వివరించవలసిన చలరాశే మారింది గనుక.

స్వతంత్రత షరతును డర్బిన్–వాట్సన్ విలువతో తేల్చలేం; మా తోటలకు కాలక్రమం లేదు, వరుస మారిస్తే ఆ విలువ మారిపోతుంది. గ్రామాలవారీగా రెసిడ్యువల్స్ గుర్తించాను. ఒక గ్రామంలో ఎనిమిదింటిలో ఏడు రుణాత్మకంగా వచ్చాయి. అక్కడి రైతులను మళ్లీ అడిగితే, కాయ ఎదిగే దశలో ఈదురుగాలికి చాలా పిందె రాలిపోయిందని చెప్పారు. ఆరు గ్రామాలే ఉన్నందున గ్రామ సమూహాలపై ఆధారపడే స్టాండర్డ్ ఎర్రర్లు నిలకడగా ఉండవు. అందుకని గ్రామ సూచికలను నమూనాలో చేర్చాను. చెట్ల గుణకం 0.96 అయింది.

చివరగా, మూడవ నమూనాలో 31వ తోటకు కుక్ దూరం 0.62 వచ్చింది, దాని తర్వాతి తోటకు 0.15 మాత్రమే. దాన్ని తీసివేస్తే చెట్ల గుణకం 0.94 నుంచి 0.99 అవుతుంది. నమోదు తప్పేమోనని బంగారుపాళ్యం మండలంలోని ఆ తోటకు మళ్లీ వెళ్లాను. సంఖ్యలు సరైనవే. అయిదేళ్ల కిందట సగం ముదురు చెట్లను తీసి కొత్త మొక్కలు నాటారు. సగటు వయసు 24 అని నేను రాసుకున్న ఆ తోటలో 24 ఏళ్ల చెట్టు ఒక్కటీ లేదు. తోటను తొలగించలేదు. రెండు ఫలితాలనూ ఇక్కడే చూపుతూ, లేత, ముదురు చెట్ల లెక్కలను వేరువేరుగా సేకరించకపోవడం నా ప్రశ్నావళిలోని లోపమని నమోదు చేస్తున్నాను.