తరగతి గదుల పైకప్పులకు నిధుల కోసం అభ్యర్థన

విజయవాడ,
5 మార్చి 2026

తల్లిదండ్రుల కమిటీ అధ్యక్షులు, సభ్యులకు నమస్కారం.

నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకు థర్మామీటర్ పట్టుకుని బడి అంతా తిరిగాను. వేపచెట్టు నీడలో 34 డిగ్రీలు, పై అంతస్తులోని ఎనిమిదో తరగతిలో 36, రేకుల షెడ్డులోని ఆరో తరగతిలో 38. ఇంకా మార్చి మొదటి వారమే. ఆరో తరగతిలో ఒక పాప స్టీలు వాటర్ బాటిల్‌ని చెంపకు ఆనించుకుని లెక్కలు చేస్తోంది. పైన రేకులు ఎండకు సాగి టక్కు టక్కుమంటున్నాయి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కానీ ఆ వేడిగాలినే కిందికి తోస్తున్నాయి. ఒంటిపూట బడులు పెట్టినా పన్నెండున్నర దాకా పిల్లలు ఆ గదుల్లోనే ఉండాలి.

కిందటి సమావేశంలో కొందరు కూలర్లు కొందామన్నారు. మన బెజవాడ ఉక్కపోతలో కూలర్ పెట్టి కిటికీలు మూస్తే చల్లదనం కంటే జిడ్డే ఎక్కువ. అసలు వేడి వస్తున్నది పైకప్పు నుంచి. వేసవిలో డాబా మీద పడుకున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, రాత్రి తొమ్మిదింటికి కూడా గచ్చు కాలుతూనే ఉంటుంది.

అందుకే రెండు పనులు అనుకున్నాం. పై అంతస్తులోని నాలుగు గదుల స్లాబు, సుమారు 2,000 చదరపు అడుగులు, కడిగి, పగుళ్లు పూడ్చి, ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ రెండు పూతలు వేయించడం. చదరపు అడుగుకు 30 రూపాయల చొప్పున 60,000 అవుతుంది. సున్నం కొడితే చవకే, కానీ రెండు వానలకు కొట్టుకుపోతుంది. షెడ్డులోని మూడు గదులకు, అంటే 1,500 చదరపు అడుగులకు, రేకుల కింద గ్లాస్‌వుల్ పరిచి ఫాల్స్ సీలింగ్ కట్టించాలి. అడుగుకు 110 చొప్పున 1,65,000. మొత్తం 2,25,000 రూపాయలు.

దీనివల్ల గదులు ఏసీ గదులైపోవు. రెండు మూడు డిగ్రీలు తగ్గినా పిల్లవాడు బోర్డు వైపు చూడగలడు. పెయింటు మీద దుమ్ము పేరుకుంటే పని చేయదు కాబట్టి ఏటా కడిగించే బాధ్యత బడిదే.

బడి నిధి నుంచి 75,000 పెడుతున్నాం. మిగతా లక్షన్నర కమిటీ నిధి నుంచి ఇవ్వాలని కోరుతున్నాను. దీనికోసం ఏ పిల్లవాడి చేతా డబ్బు తెప్పించవద్దని నా మనవి. ఫీజు కట్టడానికే ఇబ్బంది పడే ఇళ్లు ఎన్నో మీకూ తెలుసు. ఏప్రిల్ మొదట్లో డబ్బు అందితే, సెలవుల్లో పని పూర్తి చేసి జూన్‌లో బడి తెరిచేసరికి గదులు సిద్ధం చేస్తాం. మూడు కొటేషన్లూ ఆఫీసులో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడవచ్చు.

14వ తేదీ శనివారం పన్నెండు గంటలకు సమావేశం. ఈసారి నా గదిలో కాదు, ఆరో తరగతిలో కూర్చుందాం.

ఇట్లు,
ప్రిన్సిపాల్