జూన్ 14 ఆదివారం మన జనరల్ బాడీ మీటింగ్ ఈసారి ఆన్‌లైన్లో – 30 ఫ్లాట్ల ఓనర్లకీ నోటీసు

అందరికీ నమస్కారం. 2026 జూన్ 14 ఆదివారం రాత్రి 7:30కి జూమ్‌లో మన జనరల్ బాడీ మీటింగ్ పెడతన్నాం. బైలా ప్రకారం 14 రోజుల ముందు చెప్పాలి కాబట్టి ఈరోజే, మే 31న ఈ నోటీసు గ్రూపులో పెట్టి, ఒక కాపీ కింద లిఫ్ట్ గేటు పక్కన కూడా అంటించాను. దయచేసి చివరిదాకా చదవండి.

ఆన్‌లైన్ ఎందుకంటే, మార్చి 22న సెల్లార్లో కుర్చీలేసి మీటింగ్ పెడితే 7 ఫ్లాట్ల వాళ్లే వచ్చారు, కోరం 10 కావాల, గంటన్నర కూర్చుని టీ తాగి లేచిపోయాం. మన ఓనర్లలో సగం మంది హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలో ఉన్నారు, నలుగురు అమెరికాలో, ఒకరు దుబాయ్‌లో ఉన్నారు, వాళ్లని ప్రతిసారీ నెల్లూరు రమ్మంటే ఎట్టా వస్తారు? టైం కూడా అందుకే 7:30 పెట్టాం. అమెరికా తూర్పు వైపు వాళ్లకి పొద్దున 10, కాలిఫోర్నియా వాళ్లకి పొద్దున 7, దుబాయ్‌లో సాయంత్రం 6 అవుతది.

ఇక అసలు విషయం లిఫ్ట్. మొన్న 27వ తేదీ బుధవారం ఏం జరిగిందో చాలామందికి తెలుసు, ఊళ్లో లేనివాళ్ల కోసం చెప్తన్నా. మధ్యాహ్నం కరెంటు పోయి లిఫ్ట్ రెండో ఫ్లోరుకీ మూడో ఫ్లోరుకీ మధ్యన ఆగిపోయింది, లోపల 402 పెద్దమ్మగారు ఒక్కరే, చేతిలో కూరగాయల సంచి. రోహిణి కార్తె ఎండ, ఫ్యాను లేదు, జనరేటర్ స్టార్టయినా లిఫ్ట్ మాత్రం కదల్లా. వాచ్‌మన్ పైకి పరిగెత్తి మెషిన్ రూంలో చక్రం చేత్తో తిప్పి తిప్పి రెండో ఫ్లోరు దాకా దించేసరికి 25 నిమిషాలు పట్టింది. నేను గ్రిల్ కాడ నిలబడి ఆమెతో మాట్లాడతా ఉన్నా, ఆమె కడ్డీల్లోంచి చెయ్యి బయటపెట్టి నా వేళ్లు పట్టుకుని వదల్లేదు. గేటు తీశాక చూస్తే సంచిలో కొత్తిమీర కూడా వాడిపోయి ఉంది. ఆ చెయ్యి నాకు ఇంకా గుర్తొస్తానే ఉంది, ఇంకో మీటింగ్ కోరం లేక వాయిదా పడితే నేను ఆమెకి మొహం చూపించలేను.

బిల్డింగ్‌తో పాటు 2009లో పెట్టిన లిఫ్ట్ అది. ఇద్దరు కాంట్రాక్టర్ల కాడ ఎస్టిమేట్లు తీసుకున్నాం, రెండు దారులున్నాయి. ఒకటి రిపేరు: రోప్స్, కంట్రోలర్ ప్యానెల్ మార్చి ఏ.ఆర్.డి. పెట్టించడం, అంటే కరెంటు పోయినా బ్యాటరీ మీద దగ్గర్లో ఉన్న ఫ్లోరుకి తీసుకెళ్లి ఆపేది. మొత్తం 2,85,000. మన కార్పస్‌లో 3,50,000 ఉంది కాబట్టి ఎవరూ చేతి డబ్బు పెట్టక్కర్లా, కానీ పాత గ్రిల్ గేట్లు అట్టానే ఉంటాయి. రెండోది మొత్తం కొత్త లిఫ్ట్, ఆటోమేటిక్ డోర్లతో, 11,50,000. కార్పస్ అంతా తీసేసినా ఇంకా 8 లక్షలు కావాల, అంటే ఫ్లాటుకి సుమారు 26,700. నా అభిప్రాయం దాచుకోను, చిన్నపిల్లలు గ్రిల్ సందుల్లో చేతులు పెడతా ఉంటే చూసి చూసి నేను కొత్త లిఫ్టే కావాలంటాను, కానీ పెన్షన్ మీద బతికేవాళ్లకి 26 వేలు చిన్న మొత్తం కాదని కూడా నాకు తెలుసు. అందుకే ఓటింగ్. ఎస్టిమేట్ కాగితాలు రెండూ ఫోటో తీసి గ్రూపులో పెట్టాను, ఓటేసే ముందు చూడండి.

రెండో విషయం మెయింటెనెన్స్ 1,500 నుంచి 2,000 చేయడం. వాచ్‌మన్ జీతం, కామన్ కరెంటు బిల్లు, ఎండాకాలం ట్యాంకర్లు కలిపితే మూడు నెలలుగా చాలట్లేదు. అంతే, దీని మీద పెద్ద చర్చ అవసరం లేదనుకుంటన్నా.

జాయిన్ అవడం ఎట్టా: ఫోన్లో ప్లేస్టోర్ నుంచి జూమ్ యాప్ పెట్టుకోండి, ముందే ఉంటే అప్‌డేట్ చేసుకోండి, పాత వెర్షన్‌లో పోల్ సరిగ్గా కనపడకపోవచ్చు. లింకు శనివారం పొద్దున మన వాట్సప్ గ్రూపులో నా నంబర్ నుంచే వస్తది, వేరే ఎవరి నుంచి వచ్చినా నొక్కొద్దు, బయటివాళ్లకి పంపొద్దు. లింకు నొక్కాక పేరు అడుగుతది, అక్కడ ఫ్లాట్ నంబర్ ముందు వచ్చేలా `305 Owner` అని కొట్టండి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే మిమ్మల్ని ముందు Waiting Room లో ఉంచుతది, నంబర్ చూసి లిస్టుతో సరిచూసుకుని నేను లోపలికి తీసుకుంటా, ఊరికే ఫోన్ మోడల్ పేరు కనపడితే ఎవరో నాకు తెలియదు గదా. లోపలికొచ్చాక `Wifi or Cellular Data` నొక్కితేనే మాట వినపడతది, లాప్‌టాప్‌లో అయితే `Join with Computer Audio`. మైక్ `Mute` లో ఉంచండి, మాట్లాడాలంటే `Raise Hand` నొక్కండి, వరసగా పిలుస్తా. 7:15 నుంచే లోపలికి తీసుకోవడం మొదలుపెడతా.

ఓటు సంగతి. చర్చ అయ్యాక నేను పోల్ వదుల్తా, అది మీ స్క్రీన్ మీదకి దానంతట అదే వస్తది, ఒకటి ఎంచుకుని కింద `Submit` నొక్కాల, నొక్కకపోతే ఓటు పడదు, నొక్కాక మార్చుకోవడం కుదరదు. పొరపాటున మూసేస్తే కంగారు పడొద్దు, `More` లో పోల్స్ అని ఉంటది, అందులోంచి మళ్లీ తెరవండి. ఒక్కో పోల్ 5 నిమిషాలు తెరిచి ఉంచుతా. ఫ్లాటుకి ఒక్క ఓటే. భార్యాభర్తలిద్దరూ చెరొక ఫోన్లో ఉన్నా ఒకళ్లే వేయండి, రెండు పడితే ఆ ఫ్లాట్ వాళ్లకి అక్కడే ఫోన్ చేసి ఏది లెక్కలోకి తీసుకోవాలో అడుగుతాం. ఒకరికి రెండు ఫ్లాట్లుంటే రెండు ఓట్లు, రెండో ఓటు ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి వేయించండి. అద్దెకున్నవాళ్లు వచ్చి వినొచ్చు, మాట్లాడొచ్చు కూడా, రోజూ లిఫ్ట్ ఎక్కేది వాళ్లే, ఓటు మాత్రం ఓనర్‌దే.

పోల్‌లో పేర్లు కనపడేలా పెట్టాను. కొంతమంది రహస్యంగా ఉండాలన్నారు, కానీ అట్టా పెడితే ఎవరు రెండుసార్లు వేశారో తెలుసుకునే దారి లేదు. ఫ్లాటువారీ లిస్టు నేనూ, ప్రెసిడెంట్ గారూ, ట్రెజరర్ గారూ మాత్రమే చూస్తాం, గ్రూపులో మొత్తం సంఖ్యలే పెడతాం. లిఫ్ట్ విషయంలో పడిన ఓట్లలో మూడింట రెండొంతులు కావాల, అంటే 18 ఓట్లు పడితే 12. దేనికీ అన్ని రాకపోతే రోప్స్ మాత్రం వెంటనే మార్పించి మళ్లీ మీటింగ్ పెడతాం.

మామూలు ఫోన్ కాల్ మీద వింటే ఓటు వేయడం కుదరదు. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లు, ఆ టైంలో కుదరని వాళ్లు 12వ తేదీ శుక్రవారం సాయంత్రం 6 లోపు ఎవరు ఓటేయాలో కాగితం మీద రాసి సంతకం పెట్టి 204లో నాకు ఇవ్వండి, దూరంలో ఉంటే సంతకం పెట్టిన కాగితం ఫోటో చాలు.

13వ తేదీ శనివారం రాత్రి 7 గంటలకి అరగంట ప్రాక్టీసు పెడతన్నా, అదే లింకు. ఉత్తుత్తి పోల్ ఒకటి వదుల్తా, చేపల పులుసులో మామిడికాయ వేయాలా వద్దా అని. 305 అమ్మాయి, 501 బాబు సాయంత్రం ఇంటింటికీ వచ్చి యాప్ పెట్టిస్తామన్నారు, మొహమాటం లేకుండా అడగండి. 402 పెద్దమ్మగారు నిన్ననే ఫోన్ తెచ్చి నా కాడ నేర్చుకుని పోయారు.

మీటింగ్ రికార్డ్ చేస్తాం, మినిట్స్ మూడు రోజుల్లో నోటీసు బోర్డు మీద పెడతాం. మధ్యలో కరెంటు గానీ నెట్ గానీ పోతే అదే లింకుతో మళ్లీ రండి, మీరు రాలేకపోతే వెంటనే నాకు ఫోన్ చేయండి, మీరొచ్చేదాకా పోల్ కాసేపు ఆపుతా. వస్తామని అనుకునేవాళ్లు గ్రూపులో మీ ఫ్లాట్ నంబర్ ఇప్పుడే కొట్టండి, కనీసం 10 నంబర్లు వస్తే నాకు నిద్ర పడతది.

ఇట్లు
సెక్రటరీ, ఫ్లాట్ 204
నెల్లూరు, 31-05-2026