తొలిచిన నీళ్లు

ట్యాంకరు నాలుగు రోజులకు ఒకసారి వస్తుంది. ఇంటికి ఎనిమిది బిందెలు. పొద్దున్నే వస్తుందంటారు, ఒక్కోసారి మధ్యాహ్నం మూడు దాటుతుంది. అందుకని ఊళ్లో ఆడవాళ్లు రాత్రే బిందెలను వరుసలో పెట్టి, ఎవరి బిందె ఏదో తెలిసేలా మూతికి గుడ్డపీలికలు కట్టి వెళ్తారు. అవ్వ బిందెలకు పసుపుపచ్చ పీలిక.

హరికి తొమ్మిదేళ్లు. 2016 ఖరీఫ్‌లో వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. కళ్యాణదుర్గం చుట్టుపక్కల చేలన్నీ నిలువునా ఎండాయి. పెట్టుబడి కూడా చేతికి రాలేదు. అప్పటికే నాన్న మూడు బోర్లు వేయించి ఉన్నాడు. మూడోది ఆరువందల అడుగులు దిగినా తెల్లటి రాతిపొడి తప్ప తడి తగల్లేదు. సంక్రాంతి కాగానే అమ్మానాన్నలు బెంగళూరులో కట్టడం పనికి వెళ్లిపోయారు. బడి పోతుందని హరిని అవ్వ దగ్గర వదిలారు. ఆవును అంతకుముందే సంతలో అమ్మేశారు. ఇంట్లో మిగిలింది అవ్వ, హరి, ఒక మేక.

ఏప్రిల్ నెల చివర ఒకరోజు తానూ బిందె మోస్తానని హరి పట్టుబట్టాడు. అవ్వ చిన్న బిందె ఇచ్చింది. గడప దగ్గర కాలు తట్టుకుంది. బిందె ఠంగుమని పడి, నీళ్లన్నీ నాపరాళ్ల మీద పరుచుకున్నాయి.

హరి గుండె ఆగినంత పనైంది. వీపు మీద దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాడు.

అవ్వ ఏమీ అనలేదు. గబగబా లోపలికి వెళ్లి పాత నూలుచీర ఒకటి తెచ్చి నీళ్ల మీద పరిచింది. చీర నీళ్లను తాగుతూ రంగు మారుతుంటే రెండు చేతులతో దాన్ని కూడగట్టి, బేసిన్‌లోకి పిండింది. మళ్లీ పరిచింది, మళ్లీ పిండింది. డెబ్బై మూడేళ్ల చేతులు, నరాలు తేలిన మణికట్లు. చీర కొసను మెలిపెట్టి పట్టుకుంటే చివరి చుక్కలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. ఒక చుక్క, కాసేపటికి ఇంకొకటి. ఇక రావని తేలేదాకా ఆమె పిడికిలి వదలలేదు.

"మట్టినీళ్లు కదా అవ్వా, ఏం చేసుకుంటాం?"

"మనకు మట్టి. నిమ్మచెట్టుకు కాదు నాయనా."

ఆ నిమ్మచెట్టు హరి పుట్టిన ఏడాది నాన్న నాటింది. ఆకులు సగం రాలినా కొమ్మ గీకి చూస్తే లోపల ఇంకా పచ్చగానే ఉంది. అవ్వ బేసిన్‌ను హరి చేతికే ఇచ్చింది. చెట్టు మొదట్లో ఎండుటాకులు కప్పి ఉన్నాయి. వాటిని పక్కకు తీసి, నీళ్లు పోసి, మళ్లీ కప్పమంది. కప్పకపోతే ఎండ తాగేస్తుందట.

ఆ రోజు నుంచి హరి అవ్వ వెంటే తిరిగాడు. ఆ ఇంట్లో నీళ్లు ఒక్కసారి వాడితే అయిపోయేవి కావు. బియ్యం కడిగిన నీళ్లు మేకకు వెళ్లేవి. గిన్నెలను ముందు బూడిదతో, కొబ్బరిపీచుతో పొడిగానే తోమి, ఒక బేసిన్‌లో ముంచి, రెండో బేసిన్‌లో జాడించేవాళ్లు. మొదటి బేసిన్ మురికి తేరుకున్నాక నిమ్మచెట్టుకు, రెండోది మరునాడు మొదటి బేసిన్. స్నానం రెండు చెంబులు, అదీ చెట్టు పక్కన బండ మీద కూర్చుని. కుండ కింద పళ్లెం ఉండేది. కుండ చెమర్చి జారిన నీళ్లు సాయంత్రానికి ఒక గుక్కెడు అయ్యేవి. వాటిని పిచ్చుకల కోసం చిప్పలో పోసేది. హరికి అన్నిటికన్నా నచ్చింది ఆ పళ్లెమే. బడి లేదు కాబట్టి దాని ముందు కూర్చుని ఎన్ని చుక్కలు పడతాయో లెక్కపెట్టేవాడు.

ఒక సాయంత్రం అవ్వ వాడిని చేను గట్టున ఉన్న బావి దగ్గరికి తీసుకెళ్లింది. తాత తవ్వించిన దిగుడుబావి. కపిల తోలిన రోజుల్లో ఎడ్లు నడిచిన వాలు ఇంకా ఆనవాలు తెలుస్తోంది. గిలక ఉంది, తాడు లేదు. పక్కన వేపకొమ్మకు తుప్పు పట్టిన పాతాళగరిగె వేలాడుతోంది.

"అదేమిటవ్వా?"

"బావిలో బిందె పడితే దానితో తీసేవాళ్లం. నీళ్లలో కొక్కేలు తిప్పుతూ ఉంటే ఎక్కడో తగులుకునేది."

హరి తొంగి చూశాడు. అడుగున పెచ్చులు లేచిన బురద, దాని మధ్య ఎప్పుడో జారిపడిన ఇత్తడి చెంబు ఒకటి. దాన్ని తీయడానికి ఇప్పుడు పాతాళగరిగెతో పని లేదు. మెట్లు దిగి చేత్తో తెచ్చుకోవచ్చు. హరి దిగబోతే అవ్వ భుజం పట్టుకుంది.

"ఉండనీ. నీళ్లొచ్చాక తీద్దాం."

తర్వాత గట్టు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. వాడు చెయ్యి కదిపాక చెప్పింది.

"1952లో నాకు ఎనిమిదేళ్లు. సీమంతా కరువు. గంజి కేంద్రాలు పెట్టారు. మా అమ్మ, నేను ముంతలు పట్టుకుని ఎండలో నిలబడేవాళ్లం. ముంతెడు గంజి. తాగేశాక అమ్మ ఆ ముంతలో కొంచెం నీళ్లు పోసి, తొలిచి, 'ఇవి కూడా తాగు' అనేది. నాకు రోషం వచ్చేది. కడిగిన నీళ్లు తాగిస్తుందేమిటని. ఆమె ముంత ఎప్పుడూ ఖాళీగానే ఉండేదని చాలా ఏళ్లకు గుర్తొచ్చింది నాయనా. తన గంజి కూడా నాకే పోసేది. తను తాగింది తొలిచిన నీళ్లు మాత్రమే."

హరి ఏమీ అడగలేదు. ఇంటికి వచ్చాక అన్నం తిన్న కంచంలో కొంచెం నీళ్లు పోసి, వేలితో తిప్పి, తాగేశాడు. అవ్వ చూసింది గానీ చూడనట్టు దీపం సవరించుకుంది.

జూన్ మొదటి వారంలో నాన్న వచ్చాడు. పడమటి కనుమల అవతల వానలు మొదలయ్యాయని బస్సులో ఎవరో అన్నారట. ఇక్కడ ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. కనుమలు ఆపగా మిగిలిన మబ్బే ఇటు రావాలి. అది ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో.

నాన్న సంచి దించి, అలవాటుగా తొట్టిలో చెంబు ముంచి వాకిట్లోకి నడిచాడు. కాళ్ల నిండా ఎర్రటి దుమ్ము.

"నాన్నా, ఉండు."

హరి బేసిన్ ఈడ్చుకొచ్చి ఆయన ముందు పెట్టాడు. "ఇందులో నిలబడి కడుక్కో."

నాన్న చెంబు పట్టుకుని అలాగే ఆగిపోయాడు. తర్వాత ఒక కాలు, దాని పక్కన రెండో కాలు బేసిన్‌లో పెట్టాడు. సగం చెంబుతో సరిపెట్టాడు. మిగిలిన సగాన్ని హరి అందుకుని తొట్టిలో పోసి, మూత పెట్టి, బేసిన్ ఎత్తుకుని నిమ్మచెట్టు దగ్గరికి వెళ్లాడు. ఆకులు తీయడం, పోయడం, మళ్లీ కప్పడం నాన్న గడపలో నిలబడి చూస్తూనే ఉన్నాడు.

అవ్వ మేకపాల మజ్జిగ గ్లాసులో తెచ్చి ఇచ్చింది. నాన్న ఒక్క గుక్కలో తాగి గ్లాసు కింద పెట్టాడు. లోపల తెల్లటి తరక అంచులదాకా అంటుకుని ఉంది. హరి వచ్చి గ్లాసు తీసుకుని, కుండలోంచి కొంచెం నీళ్లు పోసి, గుండ్రంగా తిప్పి, నాన్నకు చాచాడు.

"ఇవి కూడా తాగు."

నాన్న అవ్వ వైపు చూశాడు. ఆమె అటు తిరిగి మేకకు వేపాకు వేస్తోంది. ఆయన గ్లాసు అందుకుని, నిదానంగా తాగి, అరచేతిలో బోర్లించి కొడుక్కి చూపించాడు.