ఏడో అధ్యాయానికి ఇంకో ఐదు వారాలు

హనుమకొండ,
3 నవంబర్ 2025

సంపాదకులు గారికి,

నమస్కారం సార్.

ఈ నెల 15కి ఇస్తానన్న ఏడో అధ్యాయం అనువాదం ఆ రోజుకు ఇవ్వలేను. డిసెంబర్ 20 దాకా గడువు ఇవ్వమని అడగడానికే ఈ ఉత్తరం. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు పుస్తకం తేవాలని మీరు ఎంత పట్టుదలగా ఉన్నారో నాకు తెలుసు. అది నా వల్ల తప్పిపోతుందంటే చాలా బాధగా ఉంది. సెప్టెంబర్‌లోనే మీకు చెప్పాల్సింది. ఎట్లాగైనా అయిపోతుందనుకుని ఊరుకున్నాను, అది నా పొరపాటే.

మిగతా ఎనిమిది అధ్యాయాలూ పూర్తయ్యాయి, ఈ ఉత్తరంతోపాటే మెయిల్ చేస్తున్నాను. ఆగింది కాకతీయుల చెరువుల అధ్యాయం దగ్గరే. మా ఊళ్ల గురించే కదా, అన్నిటికన్నా తొందరగా అయ్యేది ఇదే అనుకున్నాను. తీరా దిగాక తెలిసింది, అన్నిటికన్నా కష్టం ఇదేనని.

ఇంగ్లీషు మూలంలో ప్రతిచోటా ‘ట్యాంక్’ అనే ఒక్క మాటే ఉంది. మన దగ్గర చెరువు వేరు, కుంట వేరు. కాకతీయుల కాలంలో పెద్ద చెరువుకు సముద్రం అని పేరు పెట్టేవాళ్లు. రచయిత ‘రెండు ట్యాంకులు’ అన్నచోట అవి చెరువులో కుంటలో శాసనం చూస్తే తప్ప చెప్పలేం. అన్నిటికీ చెరువని రాసేస్తే వాక్యం సాఫీగానే పోతుంది. కానీ ఆ ఊరివాళ్లు చదివితే తమ కుంటను గుర్తుపట్టరు.

శాసనాలది ఇంకో సమస్య. తెలుగులో చెక్కిన మాటలు ఇంగ్లీషులోకి వెళ్లాయి. వాటిని నేను మళ్లీ నా తెలుగులోకి తేవడం తప్పు, అసలు పాఠమే పెట్టాలి. ఒకచోట ‘పదో వంతు వాటా’ అని అనువదించి ముందుకు వెళ్లిపోయాను. తర్వాత శాసన పాఠం తీసి చూస్తే అక్కడున్న మాట దశబంధం. చెరువు తవ్వించినవాళ్లకో, దాన్ని బాగుచేసేవాళ్లకో ఆ చెరువు కింది భూమిలోనో రాబడిలోనో ఇచ్చే భాగం అది. అంత అర్థమున్న మాటను చేజేతులా తీసేశానే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అధ్యాయంలో పదకొండు శాసనాలున్నాయి. ఆరింటికి అసలు పాఠం దొరికింది. ఇంకా ఐదు వెతకాలి. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువుకు కూడా ఒకసారి వెళ్లి రావాలి. కట్ట మీద నిలబడి చూడకుండా ఆ పేజీలు రాయలేను.

ఇక తూము దగ్గర నీళ్లు వదిలే పద్ధతి మీద నాలుగు పేజీలున్నాయి. మొదటి డ్రాఫ్ట్‌లో ‘కాపలాదారు నీటిని విడుదల చేస్తాడు’ అని రాశాను. దసరాకు నర్సంపేట దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్లినప్పుడు, ఎనభై దాటిన ఒక నీరటి తాతను కట్ట మీద కూర్చోబెట్టి ఆ పేజీలు చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నాడు. చేతికర్రను రెండు చేతులతో నిలువుగా పట్టుకుని, తూములో బిరడాను ఎట్లా లేపేవాడో, ఎన్ని వేళ్ల మందం లేపితే నీళ్లు ఏ మడి దాకా పోయేవో చూపించాడు. చివరికి అన్నాడు: “ఇడిశిపెట్టుడు కాదు బిడ్డా, పంచుడు. మీది మడికి ఎట్లనో కింది మడికి అట్లనే.”

ఆ ఒక్క క్రియతో నాలుగు పేజీలూ తిరగరాయాల్సి వచ్చింది. ఇప్పుడు అందులో కాపలాదారు లేడు, నీరటి ఉన్నాడు. చెరువు నిండి ‘మిగులు జలాలు ప్రవహించడం’ కూడా తీసేశాను, మత్తడి దుంకుతుంది. మీ కాపీ ఎడిటర్ ఆ మాట దగ్గర అలుగు అని మార్చవద్దని మనవి. ఇది మత్తడి ప్రాంతం పుస్తకం. వేరే జిల్లాలవాళ్ల కోసం మొదటిసారి వచ్చినచోట వాక్యంలోనే అర్థం తెలిసేట్టు రాస్తాను.

అరవై రెండు పేజీల్లో నలభై డ్రాఫ్ట్ అయ్యాయి. నవంబర్ 25కి ఆ నలభై శుభ్రం చేసి పంపుతాను. శాసనాల భాగం డిసెంబర్ 10కి, మొత్తం అధ్యాయం 20కి మీ చేతిలో ఉంటుంది. ఈలోగా మిగతా అధ్యాయాల ప్రూఫులు మొదలుపెట్టించండి, వచ్చినవి వచ్చినట్టు రెండు రోజుల్లో చూసి పంపుతాను. దీనికి అదనంగా డబ్బేమీ అడగడం లేదు. బయ్యారం ఖర్చు నాదే. ఆలస్యం చేసింది నేను కాబట్టి, ఒప్పందంలో ఉన్న రెండో వాయిదా కూడా అధ్యాయం అందాకే ఇవ్వండి.

ఫెయిర్‌కు తప్పనిసరిగా ఏదో ఒకటి ఉండాలనుకుంటే, మొదటి అధ్యాయాన్ని చిన్న పుస్తకంగా వేసి స్టాల్‌లో పెట్టవచ్చు. అది మీ ఇష్టం. ఏడో అధ్యాయాన్ని మాత్రం ఇప్పుడున్నట్టుగా అచ్చుకు పంపవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

కాలేజీ నుంచి సాయంత్రం ఐదున్నరకు ఇంటికి వస్తాను. ఆ తర్వాత ఎప్పుడైనా ఫోన్ చేయండి. ఈ వారంలో మీ నిర్ణయం చెబితే బయ్యారానికి ఆదివారం బయల్దేరతాను.

ఇట్లు,
మీ
స్వరూప